మెట్ల కింద ముప్పై ఎనిమిది డబ్బాలు

ఆయన అసలు పేరు భవనం రికార్డుల్లో ఎక్కడో ఉంటుంది. అరవై ఇళ్లలో ఎవరికీ దాంతో పని పడలేదు. అందరికీ ఆయన మూతల మావయ్య. ఎవరింట్లో గోడకు పెచ్చు లేచినా, కిటికీ ఊచలకు తుప్పు పట్టినా మావయ్యకే కబురు వెళ్తుంది. ఆయన వస్తాడు, మచ్చను వేలితో తడుముతాడు, రెండడుగులు వెనక్కి వేసి తల పక్కకు వంచి చూస్తాడు. తర్వాత మెట్ల కిందికి వెళ్లి ఒక డబ్బా తెస్తాడు. అరగంటలో మచ్చ ఎక్కడుండేదో ఇంటివాళ్లకే గుర్తుండదు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఈ నాలుగంతస్తుల భవనానికి తొలి రంగు వేసిన గుంపులో ఆయనొకడు. పని అయ్యాక గుంపు వెళ్లిపోయింది, ఆయన ఉండిపోయాడు. కారణం అడిగితే, "మిగిలిన రంగు పారేయబుద్ధి కాలేదు" అంటాడు. వినేవాళ్లు నవ్వుతారు కానీ, నిజం అంతే. గుత్తేదారు పారబోయమన్న ఆరు డబ్బాలను ఆయన మెట్ల కింద ఖాళీలో పెట్టుకున్నాడు. వాటిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి కదా!

ఇప్పుడక్కడ ముప్పై ఎనిమిది డబ్బాలున్నాయి. చూసినవాళ్లు ముందు అనుకునేది, ఎవరో తాగి సర్దారని. సగానికి పైగా డబ్బాలు తలకిందులుగా ఉంటాయి. కంపెనీ బొమ్మ తలకిందులు, దాని మీద మావయ్య అంటించిన చీటీ మాత్రం నిటారుగా. చీటీలో మూడే సంగతులు: ఏ గోడ, ఏ నెల, ఏది ఎంత కలిపింది. డబ్బా పక్కన పెన్సిలుతో ఒక గీత, లోపల రంగు ఎంతవరకు ఉందో చెప్పడానికి. ఊరికే మూత తీసి చూస్తే ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోతుందని ఆయన బాధ. గాలి తగిలిందంటే నూనె రంగు మీద మీగడ కట్టినట్టు తెట్టె కడుతుంది. డబ్బా బోర్లిస్తే రంగే లోపలి నుంచి మూత సందులను మూసేస్తుంది. ఒకవేళ తెట్టె కట్టినా అడుగు వైపునే కడుతుంది, తిప్పి తెరిచినప్పుడు బ్రష్షుకు అడ్డం రాదు.

అయితే మూత గట్టిగా పడితేనే ఈ విద్య. అందుకే ఆ పేరు. పని అవగానే డబ్బా అంచు చుట్టూ ఉన్న గాడిని గుడ్డతో శుభ్రంగా తుడుస్తాడు. గాడిలో మేకుతో ముందే నాలుగు చిల్లులు పొడిచి ఉంటాయి, అక్కడ నిలిచిన రంగు మళ్లీ డబ్బాలోకే జారడానికి. నోటి మీద ప్లాస్టిక్ కాగితం పరుస్తాడు. మూత పెట్టి, దాని మీద చెక్క ముక్క ఆనించి, సుత్తితో ఆ చెక్క మీద చుట్టూ తడతాడు. నేరుగా మూత మీద కొడితే మూత సొట్టపడుతుంది, సొట్టపడిన మూత ఇక జన్మలో సరిగ్గా పడదు. డబ్బాలో పావు వంతే మిగిలిందా, దాన్ని చిన్న డబ్బాలోకి నిండుగా పోస్తాడు. ఇంతా చేశాక కాగితం మీద గంటసేపు బోర్లించి చూస్తాడు. చుక్క కూడా కారకపోతేనే అరలోకి ఎక్కిస్తాడు.

"రంగు డబ్బా అంటే ఇంత భక్తి," అంటుంది వాళ్లావిడ. ఆమె వెనక వీధిలో బట్టలు కుడుతుంది. "ఇంట్లో ఉప్పు డబ్బా మూత మాత్రం గట్టు మీదే పడుంటుంది. నా ప్లాస్టిక్ కవర్లన్నీ ఏ డబ్బా నోట్లో ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి."

"ఉప్పుకి తెట్టె కట్టదు కదే," అంటాడు ఆయన.

రంగును పలచన చేసే థిన్నర్ సంగతి వేరు. దాన్ని బోర్లించడు. అది వచ్చిన రేకు డబ్బాలోనే, మర మూత బిగించి, నిటారుగా, కింది అరలో ఉంటుంది. ఒక్క లీటరుకు మించి తేడు. నీళ్ల సీసాలో పోసిమ్మని ఎవరడిగినా ఇవ్వడు. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి థర్మాకోల్ కప్పులో థిన్నర్ పోశాడట. బ్రష్షు తెచ్చేలోపు కప్పు లేదు, నేల మీద జిగురు ముద్ద ఉంది. "కప్పునే తాగేసింది. సీసాలో పెడితే నీళ్లనుకుని మనిషి తాగుతాడు. ఏదైతేనేం, ఎవరో ఒకరు పోతారు" అంటాడు. బ్రష్షులు కడిగిన థిన్నర్ కూడా మోరీలో పోయడు. మరో రేకు డబ్బాలో మూతపెట్టి నాలుగు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. పైన తేరింది వంచుకుని మళ్లీ మొదటి కడుగుడికి వాడతాడు.

ఇలా నడుస్తున్న కొలువుకు మూడు నెలల కిందట భవనం సంఘం తరఫున కొత్త కార్యదర్శి వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, రెండో అంతస్తు. మంచి మనిషి. కానీ ఒక వస్తువు పక్కకు ఒరిగి కనిపిస్తే ఆయనకు ముద్ద దిగదు. సైకిళ్లన్నీ ఒకే వైపు తిరిగి నిలబడాలి. చెప్పులు జంటలుగా ఉండాలి. అలాంటి మనిషికి తలకిందులు డబ్బాలు కనబడితే ఎలా ఉంటుంది?

సరిగ్గా అప్పుడే అగ్నిమాపక శాఖ నుంచి నోటీసు వచ్చింది. గురువారం సాయంత్రం నాలుగింటికి తనిఖీ.

కార్యదర్శి కాగితం పట్టుకుని మెట్ల కిందికి వచ్చాడు. "చూడు పెయింటరూ, నేను ముసుగులో గుద్దులాటకు రాలేదు. ఆఫీసరు ఈ సంతను చూస్తే భవనానికే చెడ్డపేరు. శుక్రవారం పొద్దున పాత సామాను బండి వస్తోంది. తనిఖీలో ఒక్క మాట వచ్చిందా, ఇవన్నీ అందులోకే."

"అన్నీనా మాస్టారూ?"

"అన్నీ. కావాలంటే కొత్త రంగు కొనుక్కోవచ్చు."

కొత్త రంగు దుకాణంలో దొరుకుతుంది, నిజమే. కానీ ఈ భవనం గోడలకున్న రంగులు దుకాణంలో లేవు. ఎండకు వెలిసిన మెట్ల గోడకు తగ్గట్టు ఏడేళ్లలో మూడుసార్లు కలిపి తెచ్చిన లేత పసుపు ఉంది. నీళ్ల ట్యాంకు గది తలుపు ఆకుపచ్చ కంపెనీ వాళ్లే ఆపేశారు. ఆ డబ్బాలు పోతే అరచేయంత మచ్చకు గోడంతా వేయాల్సిందే. గోడంతా వేయడానికి ఎవరైనా చాలు, మూతల మావయ్యే అక్కర్లేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. వాళ్లావిడ అడిగింది.

"ఏంటయ్యా, డబ్బా బోర్లించినట్టు ఉంది మొహం?"

చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ఆఫీసరు వచ్చేది నిప్పు చూడ్డానికి కదా, నీ మొహం చూడ్డానికి కాదు. నువ్వు ఏం చేస్తావో అదే చెప్పు. భయపడి తెలియని ఇంగ్లీషు మాట్లాడకు."

గురువారం పొద్దునే కార్యదర్శి ఇంకో పని పురమాయించాడు. ఆఫీసరు లోపలికి వచ్చే ముఖద్వారం టేకు తలుపు నిగనిగలాడాలి. మావయ్య తలుపుకు అవిసె నూనె పట్టించి, పాత గుడ్డలతో రుద్ది రుద్ది మెరిపించాడు. పదకొండు గుడ్డలు తడిశాయి. వాటిని ఎప్పటిలాగే పెరటి వైపు ఇనుప కమ్మీ మీద దేనికది విడదీసి, ఒక్క మడత కూడా లేకుండా ఆరేశాడు. తర్వాత ఇంటికెళ్లి స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, నాలుగు కావడానికి పది నిమిషాల ముందు నేరుగా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెరట్లోకి వెళ్లలేదు.

ఆఫీసరు ఒక అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో. వెంట ఒక జవాను, చేతిలో టార్చి. అన్ని అంతస్తులూ తిరిగి, నీళ్ల గొట్టాలు, మంటలార్పే సిలిండర్లు చూసి, చివరికి మెట్ల దగ్గరికి వచ్చింది. కార్యదర్శి ముందుగానే గొంతు సవరించుకున్నాడు.

"ఇది మా పెయింటరు తాలూకు... ఏదో పాతకాలపు అలవాటు మేడమ్. రేపే తీయించేస్తున్నాం."

ఆమె వంగి చూసింది. "ఇవెందుకు తలకిందులుగా ఉన్నాయి?"

మావయ్య చెప్పాడు. మూత, గాలి, తెట్టె. ఆమె ఒక డబ్బా తీయించి గాడి చూసింది, చిల్లులు చూసింది, గీత చూసింది. "మరి థిన్నర్?"

"అది బోర్లించనమ్మా. ఒక్క లీటరే. చెయ్యి తగిలి పడినా మర మూత ఊడకూడదు, అట్టా బిగిస్తా."

"ఎవరు నేర్పారు బాబాయ్?"

"పాడైపోయిన డబ్బాలు నేర్పాయి."

ఆమె నవ్వింది. కార్యదర్శి నవ్వలేదు. నవ్వుతూనే ఆమె ముక్కు ఎగబీల్చింది. అదే సమయానికి మావయ్య కూడా. పొయ్యి మీద మూకుడు మరిచిపోతే నూనె మాడినట్టు ఒక వాసన.

"ఎవరింట్లోనో వంట," అన్నాడు కార్యదర్శి.

"కాదు మాస్టారూ," అన్నాడు మావయ్య. ఆయన చూపు అరల పక్కకు పోయింది. అక్కడ పొద్దున లేని అట్టపెట్టె ఒకటి ఉంది, నాలుగు వైపులా టేపు వేసి, చక్కగా, గోడకు సరిసమానంగా. "అదేంటి? అదెవరు పెట్టారు?"

"నేనే. ఏమీ లేదులే. కమ్మీ మీద నీ చింకి గుడ్డలు వేలాడుతుంటే చూడ్డానికి బాగోలేదు. ఆఫీసరు వచ్చే వేళ కదా. మడతపెట్టి పెట్టెలో పెట్టా."

మావయ్య పెట్టె వైపు ఒక అడుగు వేశాడు. "నూనె గుడ్డలా? మడతపెట్టారా? ఎప్పుడు?"

"పన్నెండున్నరకి. చక్కగా, ఇస్త్రీ బట్టల్లా, ఒకదాని మీద ఒకటి. గట్టిగా నొక్కి."

ఆఫీసరు అప్పటికే చెయ్యి అడ్డం పెట్టింది. "అందరూ వెనక్కి. ఎవరూ తెరవకండి." ముంజేతి వెనక వైపును పెట్టెకు దగ్గరగా తీసుకెళ్లి, తగలకుండానే వెనక్కి లాక్కుంది. "వేడిగా ఉంది. పొగ ఇంకా లేదు. సిలిండర్ ఇటు తే. బాబాయ్, పెరట్లో నీళ్ల తొట్టి ఉందా?"

"నిండా ఉందమ్మా."

జవాను సిలిండర్ గొట్టం పెట్టె వైపు తిప్పి నిలబడ్డాడు. ఆఫీసరు చేతికి తొడుగులు వేసుకుని, మెట్ల పక్కన ఆనించి ఉన్న పెద్ద పారను పెట్టె కిందకు జరిపి, దాన్ని ఎత్తి పెరట్లోకి నడిచింది. మావయ్య ముందు పరిగెత్తి దారిలో ఉన్న సైకిళ్లను పక్కకు తోశాడు. ఒకే వైపు తిరిగి ఉన్న సైకిళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ రోజు కార్యదర్శి వాటి వైపు చూడలేదు. పెట్టె పెట్టెలాగే తొట్టిలో మునిగింది. బుడగలు వచ్చాయి, బుస్సుమని ఒక చప్పుడు వచ్చింది. అంతే.

కాసేపాగి టేపు కోశారు. పైన రెండు గుడ్డలు మామూలుగానే ఉన్నాయి. కింద పోనుపోను గోధుమ రంగు, నడిమి గుడ్డల మడతలు బొగ్గు. కార్యదర్శి ఆ బొగ్గును వేలితో ముట్టుకున్నాడు. పొడిపొడిగా రాలింది.

"నేను అగ్గిపుల్ల కూడా గీయలేదు," అన్నాడు చిన్న గొంతుతో.

"గీయక్కర్లేదు సార్," అంది ఆఫీసరు. "ఈ నూనె ఆరేటప్పుడు గాలిని పట్టుకుని వేడి పుట్టిస్తుంది. కమ్మీ మీద విడిగా ఉంటే ఆ వేడి గాలికే పోతుంది. మడతపెట్టి నొక్కితే పోవడానికి దారేది? లోపలే పెరుగుతుంది. ఇంకో గంట ఆగితే పొగ వచ్చేది. పొగ వస్తే మాత్రం మీరెవరూ దగ్గరికి పోకూడదు, మాకు ఫోను చేయాలి. ఈ బాబాయ్ ఆరేసినట్టు ఆరేస్తే చాలు. లేదంటే నీళ్లలో ముంచి మూతున్న రేకు డబ్బాలో పెట్టాలి."

మావయ్య కార్యదర్శి వైపు చూశాడు. తిట్టడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. ముప్పై ఎనిమిది డబ్బాల ఉసురు నాలుక చివర ఉంది. కానీ మాస్టారి మొహం చూస్తే, తప్పు లెక్క చేసి నల్లబల్ల ముందు నిలబడ్డ మొహంలా ఉంది.

"మడత మాత్రం బాగా పెట్టారు మాస్టారూ," అన్నాడు.

జవాను ఫక్కున నవ్వాడు. ఆఫీసరు పక్కకు తిరిగింది.

గండం గడిచిందని మావయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఆమె మళ్లీ మెట్ల కిందికి వెళ్లి టార్చి పైకెత్తింది. వెలుగు అరల ఎదుటి గోడ మీద పడింది. అక్కడ అరవై ఇళ్ల కరెంటు మీటర్లు వరుసగా ఉన్నాయి.

"బాబాయ్, డబ్బాల్లో వంక పెట్టడానికి నాకేం దొరకలేదు. కానీ ఇది చోటు కాదు. ఎదురుగా మీటర్లు. పైన మెట్లు. ఏదైనా అయితే అరవై కుటుంబాలు దిగాల్సిన దారి ఇదొక్కటే. మీరు ఎంత బాగా పెట్టినా ఇక్కడ పెట్టకూడదు. రేపటికల్లా ఖాళీ చేయాలి."

మావయ్య మీటర్ల వైపు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లు వాటికి వీపు పెట్టి డబ్బాలు సర్దాడు. ఒక్క రోజు వెనక్కి తిరిగి ఆ గోడ గురించి ఆలోచించలేదు. ఈ మాట ఇంకెవరన్నా ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడు తల ఊపాడు.

"నిజమే అమ్మా," అన్నాడు. "నిజమే. నాకు తోచలేదు."

పాత సామాను బండి రేపు పొద్దున వస్తుంది. అది పిలిచిన మనిషి పక్కనే ఉన్నాడు. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"మేడమ్," అన్నాడు చివరికి, "పెరట్లో ఒక గది ఉంది. చూస్తారా?"

ఇటుక గోడల చిన్న గది అది. భవనానికి దూరంగా, ప్రహరీ నీడలో. రెండు వైపులా జాలీ కిటికీలు, ఇనుప తలుపు. లోపల కరెంటు తీగ లేదు. తలుపు తీస్తే నేల నుంచి కప్పు దాకా కుర్చీలు. సంఘం సభల కోసం ఒకప్పుడు చేయించినవి, ఇప్పుడు ఒక్కదానికీ నాలుగు కాళ్లు లేవు. వాటికి అంకెలు వేసి, వరుసగా పేర్చింది కార్యదర్శే. బాగు చేయిస్తానని మూడు సమావేశాల్లో చెప్పాడు.

ఆఫీసరు కిటికీల దగ్గర చెయ్యి పెట్టి గాలి చూసింది. "ఇది బాగుంది. లోపల దీపం, పొయ్యి, ఫోను చార్జరు ఏదీ ఉండకూడదు. తలుపు బయట ఇసుక బక్కెట్లు, ఒక సిలిండరు. తాళం ఉండాలి. పనికిరాని డబ్బాలు తీసేయాలి, పనికొచ్చేవే ఉంచాలి. కానీ ఈ కుర్చీలు?"

కార్యదర్శి కుర్చీలను ఒకసారి కింది నుంచి పైదాకా చూశాడు. నలభై రెండు. అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

"బండి ఎలాగూ వస్తోంది కదా," అన్నాడు. "ఖాళీగా పంపడం ఎందుకు."

శుక్రవారం పొద్దున కుర్చీలు బండెక్కాయి. తర్వాత మావయ్య డబ్బాలను ఒక్కొక్కటే పెరట్లోకి తెచ్చి, నీడలో పరీక్ష పెట్టాడు. వాళ్లావిడ మిషను పని ఆపి వచ్చి చీటీలు చదివింది. ఆయన మూతలు తీసి చూశాడు. పైన తెట్టె ఉంటే కత్తితో అంచు చుట్టూ కోసి, ముక్కలు కాకుండా ఒకే బిళ్లలా తీసి, కింద రంగును కర్రతో కలిపి జారుతోందా చూశాడు. జారితే ఉంచాడు, తెట్టె నలకలుంటే పల్చటి గుడ్డలో వడకట్టాడు. నీళ్లతో కలిపే ఎమల్షన్ డబ్బాల్లో మూడు కుళ్లు వాసన కొట్టాయి. ఇంకో నాలుగింటిలో రంగు రబ్బరైపోయింది. ఒక వార్నిష్ డబ్బాలో కర్ర నిలబడిపోయింది, వదిలినా పడలేదు.

"మూడో అంతస్తు నడవా, లేత నీలం," చదివింది ఆవిడ. "ఆ నడవా గోడ కొట్టేసి పదేళ్లు దాటింది కదయ్యా."

"రంగు బాగుంది చూడు. నెయ్యిలా ఉంది."

"ఉంటే? ఏ గోడకి వేస్తావ్, గాల్లోనా?"

ఆయన కాసేపు కలుపుతూనే ఉన్నాడు. తర్వాత ఆ డబ్బాను పారేసే వరుసలోకి జరిపాడు. ఇంకో మూడింటికి గోడలు లేవు, వాటినీ జరిపాడు. పారేసే నీళ్ల రంగులన్నింటిలో రంపపు పొట్టు కలిపి, మూతలు తీసి ఎండకు గట్టిపడేదాకా ఉంచాడు. నూనె రంగులూ, వార్నిషూ మాత్రం మూతలు బిగించి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోటికి పంపడానికి పక్కన పెట్టాడు. మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిదిలో ఇరవై ఆరు మిగిలాయి. ఇరవై ఆరూ ప్రాణంతో ఉన్నవే.

కార్యదర్శి చొక్కా చేతులు మడిచి డబ్బాలు మోశాడు. వద్దన్నా వినలేదు. ప్రతి డబ్బాకూ ఎటు పైకో అడిగి, అలాగే పెట్టాడు. గుడ్డల కోసం పెరటి కమ్మీ పక్కనే ఇంకో కమ్మీ బిగించాలని ఆయనే అన్నాడు, ఒక్కో గుడ్డకు మధ్య ఎన్ని అంగుళాలు ఉండాలో కొలిచి గీతలు పెడతానని కూడా అన్నాడు. మావయ్య సరేనన్నాడు. గీతలు పెట్టుకోనీ, నష్టమేముంది?

అంతా సర్దాక కార్యదర్శి తలుపు దగ్గర ఆగాడు. "పెయింటరూ, మా బాల్కనీ గోడ మీద ఒక మరక ఉంది. చాలా రోజుల్నుంచి చెబుదామనుకుంటున్నా. ఆ గోధుమ రంగు ఉందా మన దగ్గర?"

"ఉంది మాస్టారూ. రెండో అరలో."

"అయితే ఇప్పుడు...?"

మావయ్య తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "రేపు రండి. ఇవాళ గది కొత్త. డబ్బాల్ని కాస్త కుదురుకోనివ్వండి."